వేరియన్స్ నోట్: కారణం ఒకచోట, చర్య ఇంకోచోట

ప్రశ్న: మాది డిస్పాచ్ విభాగం. ఈ క్వార్టర్‌లో రవాణా ఖర్చు బడ్జెట్ దాటింది. ఫైనాన్స్ వాళ్ళు వేరియన్స్ నోట్, అంటే బడ్జెట్‌కీ ఖర్చుకీ వచ్చిన తేడాకి వివరణ అడిగితే "రేట్లు పెరిగాయి, పార్సెళ్ళు కూడా పెరిగాయి, ట్రాన్స్‌పోర్టర్‌తో మాట్లాడి తగ్గిస్తాం, ఇకపై గట్టిగా పర్యవేక్షిస్తాం" అని రాసి పంపాను. "కారణాలూ చర్యలూ కలిసిపోయాయి, విడదీసి పంపండి" అని తిప్పి పంపారు. రెండు హెడ్డింగులు పెడితే సరిపోతుందా?

సమాధానం:

సరిపోదండీ. ఇదే వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక్కో హెడ్డింగు తగిలిస్తే నోట్ మళ్ళీ తిరిగొస్తుంది. నేను చాలాకాలంగా ఫైనాన్స్ వైపు కూర్చుని ఇలాంటి నోట్లు చదువుతున్నాను కాబట్టి, అవతల మీ నోట్‌తో ఏం చేస్తారో ముందు చెబుతాను. అది తెలిస్తే ఎందుకు విడదీయమన్నారో అర్థమవుతుంది.

మీరు రాసిన కారణాలు చదివి ఫైనాన్స్ వాళ్ళు ఫోర్‌కాస్ట్ మారుస్తారు. అంటే మిగిలిన నెలల అంచనాలో ఈ అదనపు ఖర్చుని కలపాలా, కలిపితే ఎంత, అసలు వదిలేయాలా అన్నది ఆ భాగం చూసి తేలుస్తారు. మీరు రాసిన చర్యలు వేరే జాబితాలోకి వెళ్తాయి. వచ్చే నెల రివ్యూలో "ఫలానా తేదీకి ఇది చేస్తామన్నారు, అయిందా?" అని అడగడానికి. ఒకటి జరిగిపోయిన దాని గురించి, రికార్డులు తీసి సరిచూడగలిగేది. రెండోది జరగబోయేదాని గురించి ఒకరు ఇచ్చే మాట. "రేట్లు పెరిగాయి, మాట్లాడి తగ్గిస్తాం" అని ఒకే ఊపులో రాస్తే, వచ్చే క్వార్టర్ అంచనా పాత రేటుతో వేయాలా కొత్త రేటుతో వేయాలా అన్నది వాళ్ళకి తెలీదు. మాట్లాడితే ఎంత తగ్గుతుంది, ఎప్పటినుంచి, ఎవరు మాట్లాడతారు అన్నదీ తెలీదు.

ఇంకో నష్టం కూడా ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. కారణం రాస్తున్నప్పుడే చర్య కూడా మనసులో ఉంటే, చేతనైన చర్యకి సరిపోయే కారణమే మనకు కనిపిస్తుంది. ట్రాన్స్‌పోర్టర్‌ని పిలిచి మాట్లాడటం తెలిసిన పని కాబట్టి "రేట్లు పెరిగాయి" అని కలం దానంతటదే రాసేస్తుంది. నిజంగా పెరిగాయా అని రేట్ కార్డ్ తీసి చూసేవాళ్ళు తక్కువ.

ఒక కేసు తీసుకుని చివరిదాకా లాగుదాం. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు నేనే గుండ్రంగా పెట్టాను. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

క్వార్టర్‌కి 12,000 పార్సెళ్ళు, ఒక్కోదానికి సగటున 250 చొప్పున రవాణా బడ్జెట్ 30,00,000. లెడ్జర్‌లో చూస్తే ఖర్చు 36,90,000. తేడా 6,90,000, బడ్జెట్ మీద 23 శాతం ఎక్కువ. పార్సెళ్ళు 13,000 వెళ్ళాయి.

ఇక్కడ చాలామంది వెంటనే 36,90,000ని 13,000తో భాగించి, "సగటు 284 దగ్గరికి వచ్చింది, రేట్లు బాగా పెరిగాయి" అని రాసేస్తారు. ఆగండి. ముందు లెడ్జర్‌లో ఆ ఖాతా తెరిచి, ఎంట్రీలు ఒక్కొక్కటిగా చూడాలి. ఆ 36,90,000 అంతా ఈ క్వార్టర్‌దేనా? అంతా రవాణాదేనా? ఈ రెండు ప్రశ్నలు తేలకుండా రేటు గురించి మాట్లాడితే పునాదే తప్పు.

మన కేసులో ఎంట్రీలు చూస్తే రెండు విషయాలు బయటపడ్డాయి. పోయిన క్వార్టర్ చివరి వారంలో వెళ్ళిన పార్సెళ్ళ బిల్లు 1,20,000 ఆలస్యంగా వచ్చింది. అప్పుడు దానికి ప్రొవిజన్ పెట్టలేదు, అంటే బిల్లు రాకముందే అంచనా వేసి ఖర్చుగా రాసిపెట్టలేదు, కాబట్టి ఈ క్వార్టర్‌లో పడింది. రెండోది, అట్టపెట్టెలు, టేపు కొన్న బిల్లు 60,000 పొరపాటున రవాణా కోడ్‌లో పడింది. అది ప్యాకింగ్ సామాను ఖాతాలో ఉండాల్సింది. ఈ రెండూ తీసేస్తే మిగిలేది 35,10,000. దాన్ని 13,000తో భాగిస్తే సరిగ్గా 270.

ఆలస్యంగా వచ్చిన బిల్లు కనబడినప్పుడు ఇంకో వైపు కూడా చూడటం మర్చిపోవద్దు. ఈ క్వార్టర్ చివరి వారం బిల్లు లెక్కలోకి వచ్చిందా? అది కూడా రాకపోతే ఒకవైపు పాతది ఎక్కువై, ఇంకోవైపు కొత్తది తక్కువై, రెండూ ఒకదాన్నొకటి కప్పేస్తాయి. అప్పుడు మీ 1,20,000 వివరణ సగం నిజమే అవుతుంది. డిస్పాచ్ రిజిస్టర్‌లో చివరి వారం పార్సెళ్ళ సంఖ్యని ట్రాన్స్‌పోర్టర్ బిల్లుల్లోని సంఖ్యతో పోలిస్తే పది నిమిషాల్లో తెలుస్తుంది. మన కేసులో ఈసారి చివరి బిల్లు పడింది అనుకుందాం.

ఇప్పుడు మిగిలిన 5,10,000. దీన్ని పరిమాణం, రేటు అని రెండుగా విడదీయడం మామూలే. వెయ్యి పార్సెళ్ళు ఎక్కువ, బడ్జెట్ రేటు 250 చొప్పున 2,50,000. సగటున ఒక్కో పార్సెల్‌కి 20 ఎక్కువ, 13,000కి 2,60,000. రెండూ కలిపితే 5,10,000, లెక్క సరిపోయింది. ఒక చిన్న హెచ్చరిక: రేటు తేడాని వాస్తవ సంఖ్య 13,000తో గుణించాను. కొందరు బడ్జెట్ సంఖ్య 12,000తో గుణించి, మిగిలిన 20,000ని విడిగా చూపిస్తారు. ఏ పద్ధతైనా తప్పు కాదు కానీ, మీ ఫైనాన్స్ టీమ్ ఏది వాడుతుందో ముందే అడిగి అదే వాడండి. లేకపోతే వాళ్ళ షీట్‌కీ మీ నోట్‌కీ 20,000 తేడా వచ్చి, చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

చాలా నోట్లు ఇక్కడే ఆగిపోతాయి: "పరిమాణం 2,50,000, రేటు 2,60,000." చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఇవి ఇంకా కారణాలు కావు. తేడా ఎక్కడుందో చెప్పాయి, ఎందుకు వచ్చిందో చెప్పలేదు. ముఖ్యంగా ఆ 20 ఎక్కడినుంచి వచ్చింది?

రేట్ కార్డ్ తీశాం. మామూలు డెలివరీ 230, అర్జెంట్ డెలివరీ 430. బడ్జెట్ వేసినప్పుడూ ఇవే, ఇప్పుడూ ఇవే. ట్రాన్స్‌పోర్టర్ ఒక్క పైసా పెంచలేదు. మారింది వేరే: బడ్జెట్‌లో పదిశాతం పార్సెళ్ళు అర్జెంట్‌గా వెళ్తాయనుకున్నారు, వాస్తవంలో ఇరవై శాతం వెళ్ళాయి. పదిశాతం ఉంటే సగటు 250, ఇరవై శాతం అయితే 270. అంటే మనం రేటు అనుకున్నది మొత్తం మిక్స్, మామూలు, అర్జెంట్ పార్సెళ్ళ పాళ్ళు మారడం. ఉండాల్సిన 1,300 అర్జెంట్ పార్సెళ్ళ బదులు 2,600 వెళ్ళాయి. అదనంగా వెళ్ళిన 1,300కి ఒక్కోదానికి 200 తేడా, వెరసి అదే 2,60,000.

ఇప్పుడు "ట్రాన్స్‌పోర్టర్‌తో మాట్లాడి తగ్గిస్తాం" అన్న చర్యని చూడండి. మాట్లాడటంలో తప్పేమీ లేదు, ఎప్పుడైనా మాట్లాడొచ్చు. కానీ ఈ 6,90,000లో ఒక్క రూపాయికి కూడా ఆ చర్య జవాబు కాదు. నోట్ వెళ్తుంది, అందరూ తలాడిస్తారు, వచ్చే క్వార్టర్ మళ్ళీ అదే తేడా.

ఇంకొక్క మెట్టు దిగాలి. అదనంగా 1,300 అర్జెంట్ ఎందుకు వెళ్ళాయి? ఆర్డర్ల జాబితాని తేదీలవారీగా పెట్టి చూస్తే రెండు గుంపులు కనబడ్డాయి. 900 పార్సెళ్ళు క్వార్టర్ మొదట్లో రెండు వారాల్లోనే వెళ్ళాయి. ఒక సరుకు స్టాక్ అయిపోయి, సరఫరా ఆలస్యమై, వచ్చాక కస్టమర్లకి చెప్పిన తేదీ అందుకోవడానికి అర్జెంట్‌లో పంపారు. ఆ తర్వాత ఆ సరుకు మళ్ళీ ఆగలేదు. మిగిలిన 400 అన్నీ చివరి నెలలోవే, రోజూ కొన్ని చొప్పున. ఆ నెల మొదట్లో ఆర్డర్ స్క్రీన్ మార్చారు. కొత్త స్క్రీన్‌లో డెలివరీ రకం దగ్గర "అర్జెంట్" ముందే టిక్ అయి ఉంటోంది. ఆర్డర్ ఎక్కించేవాళ్ళు మార్చడం మర్చిపోతే అలాగే వెళ్ళిపోతోంది.

ఇదిగో, ఇవి కారణాలు. ఎంత అన్నది తెలుసు, ఎప్పుడు అన్నది తెలుసు, ఏ రికార్డులో చూస్తే తేలుతుందో తెలుసు. స్టాక్ ఆలస్యం 1,80,000. స్క్రీన్ డిఫాల్ట్ 80,000.

పరిమాణం సంగతీ ఇలాగే ఒకసారి తడిమి చూడాలి. పార్సెళ్ళు పెరిగితే అమ్మకాలు పెరిగినట్టే అని రాసేస్తుంటారు. ఒకే ఆర్డర్‌ని రెండు ముక్కలుగా పంపినా పార్సెళ్ళు పెరుగుతాయి, ముఖ్యంగా స్టాక్ చాలనప్పుడు. అప్పుడది అమ్మకాల వల్ల వచ్చిన ఖర్చు కాదు. ఆర్డర్ల సంఖ్యనీ పార్సెళ్ళ సంఖ్యనీ పక్కపక్కన పెట్టండి. మన కేసులో ఆర్డర్లు కూడా వెయ్యే పెరిగాయి కాబట్టి ఇది నిజంగా అమ్మకాలే.

సరే, మీ పాత నోట్‌లోని "ఇకపై గట్టిగా పర్యవేక్షిస్తాం" దగ్గరికి వద్దాం. చర్యల్లో అది పనికిరాదని మీకూ తెలుసు, ఎవరు, ఏం, ఎప్పుడు అన్నవి అందులో లేవు. అసలు తమాషా ఏమిటంటే, అదే మాట వేషం మార్చుకుని కారణాల్లోకి కూడా దూరుతుంది: "పర్యవేక్షణ లోపం వల్ల ఖర్చు పెరిగింది", "ముందస్తు అనుమతి విధానం లేకపోవడం వల్ల పెరిగింది". నేను చదివే నోట్లలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే తప్పు ఇదే. అనుమతి లేకపోవడం వల్ల డబ్బు ఖర్చు కాదండీ. ఎవరో ఒకరు 400 పార్సెళ్ళు అర్జెంట్‌లో పంపడం వల్ల ఖర్చయింది. "ఫలానాది లేకపోవడం వల్ల" అనే కారణం నిజానికి "ఫలానాది పెట్టాలి" అనే చర్యకి తిరగేసిన రూపం. రాసినవాళ్ళు పరిష్కారం ముందే నిర్ణయించుకుని, దాన్ని కారణంగా అమ్ముతున్నారన్నమాట.

దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చర్యల భాగం మొత్తం అరచేత్తో మూసేసి, కారణాల భాగం ఒక్కటే చదవండి. అంకెలన్నీ కూడితే మొత్తం తేడా వస్తోందా? ప్రతి వాక్యం జరిగిన ఒక సంఘటన గురించేనా? "చేయాలి", "ఉండాలి", "లేకపోవడం", "లోపం" లాంటి మాటలు ఎక్కడైనా ఉన్నాయా? ఉంటే ఆ వాక్యం పక్క భాగంలోకి పోవాల్సింది, లేదా దాని కింద అసలు సంఘటన ఇంకా దాక్కుని ఉంది.

కారణాలు తేలాక, చర్యల జోలికి వెళ్ళేముందు, ప్రతి కారణం పక్కన ఇంకొక్క మాట రాయాలి. ఇకముందు దీని సంగతేమిటి? ఆగిపోయిందా, కొనసాగుతుందా, లేక లెక్కల్లో అటూఇటూ అయి సర్దుకునేదా? ఇది ఇంకా చర్య కాదు, ఎవరూ ఏమీ చేయకపోతే ఏమవుతుంది అన్న అంచనా. ఫైనాన్స్ వాళ్ళకి మీ నోట్ మొత్తంలో అత్యంత విలువైన కాలమ్ ఇదేనని నా అభిప్రాయం. దీన్ని రాసేవాళ్ళు మాత్రం అరుదు.

మన కేసుకి పెట్టి చూద్దాం. ఆలస్యంగా వచ్చిన 1,20,000 బిల్లు పోయిన క్వార్టర్‌ది. అప్పుడు ఖర్చు అంతమేరకు తక్కువగా కనబడి ఉంటుంది, ఇప్పుడు ఎక్కువగా కనబడింది. రెండు క్వార్టర్లూ ఒకే ఆర్థిక సంవత్సరంలో ఉంటే ఏడాది మొత్తం మీద తేడా సున్నా. తప్పు కోడ్‌లో పడ్డ 60,000 కూడా అంతే: రవాణా తగ్గుతుంది, ప్యాకింగ్ పెరుగుతుంది, విభాగం మొత్తం ఖర్చు మారదు. దీన్ని ఆదాగా చూపించుకోవద్దు. పెరిగిన అమ్మకాల 2,50,000 అమ్మకాల మీద ఆధారపడింది. వచ్చే క్వార్టర్ ఆర్డర్లు ఎన్నో అమ్మకాల విభాగం అంచనా చెబుతుంది, మీరు ఊహించక్కర్లేదు. స్టాక్ ఆలస్యం 1,80,000 ఆగిపోయింది. స్క్రీన్ డిఫాల్ట్ మాత్రం నడుస్తూనే ఉంది.

ఇక్కడొక సంగతి గమనించండి. ఈ క్వార్టర్ అంకెల్లో ఆ స్క్రీన్ 80,000, తప్పు కోడ్ తర్వాత అన్నిటికంటే చిన్న ముక్క. పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరస పెడితే అడుగున ఉంటుంది, చాలా నోట్లలో "ఇతరములు"లో కలిసిపోతుంది కూడా. కానీ అది ఒక్క నెల ఖర్చు. వదిలేస్తే వచ్చే క్వార్టర్‌లో నెలకి 400 చొప్పున 1,200 పార్సెళ్ళు, 2,40,000. ఈ క్వార్టర్‌లో రెండో పెద్ద కారణం 1,80,000, వచ్చే క్వార్టర్‌లో అది సున్నా. గతంలో పెద్దది, భవిష్యత్తులో పెద్దది ఒకటి కానక్కర్లేదు. కారణాలనీ చర్యలనీ కలిపి రాసేవాళ్ళు ఎప్పుడూ గతంలో పెద్దదానికే చర్య వెతుకుతారు, డబ్బు కారుతున్న చోటు అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు చర్యలు. మొదటి మాట, ప్రతి కారణానికీ చర్య ఉండాలని ఎక్కడా లేదు. అమ్మకాలు పెరిగి రవాణా పెరిగితే చేయాల్సిందేమీ లేదు. "చర్య అవసరం లేదు, అమ్మకాల ఆదాయం పద్దు చూడండి" అని ధైర్యంగా రాయండి. ఖాళీ గడి చూసి టెన్షన్ పడి, "పార్సెళ్ళ సంఖ్య నియంత్రిస్తాం" లాంటివి రాస్తే, అమ్మకాలు తగ్గిస్తామని మీరే హామీ ఇచ్చినట్టు! నిజంగా అలా రాసి, రివ్యూలో అమ్మకాల వాళ్ళతో మాటలు పడ్డవాళ్ళున్నారు.

రెండో మాట, చర్యల్లో రెండు రకాలున్నాయి, కలపొద్దు. ఒకటి ఖర్చు తగ్గించేది, ఇంకొకటి అంకెల్ని సరైన చోట పెట్టేది. నెలాఖరుకి బిల్లు రాని పార్సెళ్ళకి రిజిస్టర్ చూసి, సంఖ్యని రేటుతో గుణించి ప్రొవిజన్ పెట్టడం మంచి చర్యే. దాని వల్ల ఒక్క రూపాయి కూడా మిగలదు, వచ్చే క్వార్టర్ తేడా నమ్మదగ్గదిగా ఉంటుంది, అంతే. తప్పు కోడ్‌లో పడ్డదాన్ని సరైన ఖాతాకి మార్చే జర్నల్ ఎంట్రీ కూడా ఇదే రకం. వీటి పక్కన "ప్రభావం" గడిలో 1,20,000, 60,000 అని రాస్తే ఫైనాన్స్ వాళ్ళు అంచనాలోంచి 1,80,000 తగ్గించేసుకుంటారు. తర్వాత ఆ ఆదా ఏదని మిమ్మల్నే అడుగుతారు. "నగదు ప్రభావం లేదు" అని స్పష్టంగా రాయండి.

మూడోది, చర్య మీ చేతిలో ఉందా? స్టాక్ ఆలస్యం కొనుగోళ్ళ విభాగం సంగతి. "కనీస నిల్వ పెంచుతాం" అని డిస్పాచ్ నోట్‌లో రాయడం అంటే ఇంకొకరి తరఫున మాట ఇవ్వడం. వాళ్ళకి ఆ నోట్ సంగతే తెలియకపోవచ్చు. అలాంటప్పుడు నోట్ పంపకముందే వాళ్ళతో మాట్లాడి, ఒప్పుకుంటే వాళ్ళ పేరుతో తేదీ రాయాలి. తేలకపోతే "కొనుగోళ్ళ విభాగం నిర్ణయం కోరాం, ఫలానా తేదీకి జవాబు ఆశిస్తున్నాం" అని ఉన్నదున్నట్టు రాయాలి. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. రెండు వారాల ఆలస్యం ఒకసారి వచ్చిందని నిల్వ పెంచితే, ఆ నిల్వకి పట్టే డబ్బు 1,80,000 కంటే ఎక్కువైనా కావచ్చు. ఒకసారి జరిగి ఆగిపోయినదానికి శాశ్వత చర్య పెట్టేముందు దాని ఖర్చు కూడా లెక్కేయాలి. అప్పుడప్పుడూ ఆ దెబ్బ తినేసి ఊరుకోవడమే చవక.

అసలైన చర్య స్క్రీన్‌ది. దాన్ని ఎలా రాస్తారో చూడండి. "ఆర్డర్ స్క్రీన్‌లో డెలివరీ రకం ముందే టిక్ అయి ఉండకుండా మార్చడం. బాధ్యత: ఆర్డర్ సిస్టమ్ చూసే టీమ్ లీడ్. తేదీ: వచ్చే క్వార్టర్ మొదటి నెల 15. ప్రభావం: వచ్చే క్వార్టర్‌లో 2,00,000 తగ్గుదల, మార్పు జరిగేలోపు సుమారు 40,000 అదనపు ఖర్చు తప్పదు. ఎలా తెలుస్తుంది: వారపు డిస్పాచ్ రిపోర్టులో అర్జెంట్ వాటా తిరిగి పదిశాతం దగ్గరికి రావాలి." మొత్తం 2,40,000 ఆదా అని రాయలేదు గమనించారా? సగం నెల ఎలాగూ పోతుంది, దాదాపు 200 పార్సెళ్ళు, 40,000. ఆ చిన్న నిజాయితీ వల్ల మిగతా అంకెల మీద కూడా నమ్మకం కుదురుతుంది. చివరి వాక్యం ఇంకా ముఖ్యం. చర్య జరిగిందా అన్నది ఒక ప్రశ్న, పనిచేసిందా అన్నది వేరే ప్రశ్న. స్క్రీన్ మార్చాక కూడా వాటా పదిహేను దగ్గరే ఆగితే మన కారణంలోనే ఏదో తప్పింది, బహుశా జనం కావాలనే అర్జెంట్ ఎంచుకుంటున్నారు. అప్పుడు చర్యని కాదు, కారణాన్ని తిరిగి తెరవాలి.

మొత్తం నోట్ ఒక పేజీలోకి వస్తుంది. దాదాపు ఇలా:

> రవాణా ఖర్చు – క్వార్టర్ తేడా వివరణ
> (లెడ్జర్ తీసిన తేదీ: … ఆ తర్వాతి ఎంట్రీలు ఇందులో లేవు)
>
> బడ్జెట్ 30,00,000. వాస్తవం 36,90,000. బడ్జెట్ కంటే 6,90,000 ఎక్కువ. ఇందులో 80,000కి చెందిన కారణం ఒక్కటే ఇంకా కొనసాగుతోంది. అది వదిలేస్తే వచ్చే క్వార్టర్ మీద 2,40,000 పడుతుంది.
>
> కారణాలు
> పెరిగిన ఆర్డర్లు, వెయ్యి పార్సెళ్ళు: 2,50,000. అమ్మకాల అంచనాని బట్టి మారుతుంది.
> స్టాక్ ఆలస్యం వల్ల అర్జెంట్‌లో వెళ్ళిన 900 పార్సెళ్ళు: 1,80,000. ఆగిపోయింది.
> పోయిన క్వార్టర్ బిల్లు ఇప్పుడు పడటం: 1,20,000. ఏడాది మొత్తం మీద తేడా లేదు.
> స్క్రీన్ డిఫాల్ట్ వల్ల అర్జెంట్‌లో వెళ్ళిన 400 పార్సెళ్ళు: 80,000. చివరి నెలలో మొదలైంది, కొనసాగుతోంది.
> ప్యాకింగ్ సామాను బిల్లు తప్పు కోడ్‌లో: 60,000. విభాగం మొత్తంలో తేడా లేదు.
> రేట్ కార్డ్‌లో మార్పు లేదు.
>
> చర్యలు
> ఖర్చు తగ్గించేది: స్క్రీన్ మార్పు (బాధ్యత, తేదీ, ప్రభావం, కొలమానం).
> లెక్క సరిచేసేవి: కోడ్ సవరణకి జర్నల్ ఎంట్రీ, నెలాఖరు ప్రొవిజన్. నగదు ప్రభావం లేదు.
> ఇతర విభాగం నిర్ణయం కోరినది: కనీస నిల్వ, కొనుగోళ్ళ విభాగం.
> చర్య అవసరం లేనిది: పెరిగిన ఆర్డర్లు.

"రేట్ కార్డ్‌లో మార్పు లేదు" అన్న వాక్యం కారణం కాదు కదా, ఎందుకు పెట్టానని అడగొచ్చు. చదివేవాళ్ళ మనసులో మొదట వచ్చే అనుమానం అదే కాబట్టి. దాన్ని ఒక్క వాక్యంతో మూసేస్తే ఒక ఫోన్ కాల్ తప్పుతుంది. అలాగే ప్లస్, మైనస్ గుర్తులు వాడకుండా "ఎక్కువ", "తక్కువ" అనే రాశాను. ఖర్చు పద్దులో ప్లస్ అంటే మంచిదా చెడ్డదా అన్నది ఒక్కో టీమ్‌లో ఒక్కోలా ఉంటుంది. లెడ్జర్ తీసిన తేదీ కూడా వదలొద్దు. మీరు తీసిన రెండు రోజుల తర్వాత ఇంకో బిల్లు పడితే మీ మొత్తం వాళ్ళ మొత్తంతో కలవదు, ఆ తేదీ ఒక్కటే మిమ్మల్ని కాపాడుతుంది.

మీ అసలు అంకెలతో చేసినప్పుడు ఇంత శుభ్రంగా తేలదు, అది ముందే చెప్పేస్తున్నాను. ఎంత వెతికినా కొంత మిగులుతుంది. దాన్ని దగ్గర్లో ఉన్న పెద్ద కారణంలో కలిపేసి లెక్క సరిచేయాలని అనిపిస్తుంది. కలపకండి. "వివరణ దొరకనిది: ఇంత" అని ఒక వరస పెట్టండి. ఎంతవరకు వదిలేయొచ్చో మీ ఫైనాన్స్ టీమ్‌కి ఒక హద్దు ఉంటుంది, అడిగితే చెబుతారు. ఆ హద్దు లోపల ఉంటే ఎవరూ పట్టించుకోరు. దాటితే, ఏం చూశారో, ఇంకా ఏం చూడాలో, ఎప్పటికి చెబుతారో రాయండి. కారణం తెలియనిదానికి చర్య మాత్రం రాయొద్దు. "వెతుకుతున్నాం" అన్నది పనే కానీ, దిద్దుబాటు చర్య కాదు.

తిప్పి పంపిన నోట్‌ని సవరించకుండా, పై వరసలో మళ్ళీ మొదలుపెట్టండి: ముందు లెడ్జర్ ఎంట్రీలు, తర్వాత రేట్ కార్డ్, తర్వాత ఆర్డర్లు తేదీలవారీగా. చర్యల పేజీని ఈ మూడూ అయ్యేదాకా తెరవకండి. ఎక్కడైనా చిక్కుబడితే ఆ పద్దు బడ్జెట్, వాస్తవం, పార్సెళ్ళ సంఖ్య, రేట్ కార్డ్ ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.